ముప్ఫై నాలుగు స్లయిడ్ల ప్లాన్ నుంచి ఒక పేజీ తేదీలు: నా అనుభవం

తణుకు దగ్గర ఒక చిన్న కాంట్రాక్టరు ఆఫీసులో బిల్లులు, ఉత్తరాలు, కొలతల కాగితాలు నేనే చూస్తాను. మాకు వచ్చేవి చాలావరకు క్లోజర్ పనులు. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, సార్వాకి మళ్లీ నీళ్లు వదులుతారు. ఆ మధ్యలో దొరికే నెలన్నరలోనే పని మొదలై పూర్తి కావాలి. ఈ సారి వచ్చిన పని పశ్చిమ డెల్టాలో ఒక బ్రాంచి కాలువ మీద ఉన్న పాత రెగ్యులేటర్‌ది. ఊళ్లోవాళ్లు దాన్ని లాకులనే అంటారు. నాలుగు ఖానాలకి కొత్త షట్టర్లు బిగించాలి. షట్టర్ల కింద నుంచి దూకే నీటికి కోసుకుపోయిన ఆప్రాన్, అంటే దిగువ కాంక్రీటు పరుపు, మళ్లీ వేయాలి. ఒక పక్క గట్టు జారిపోకుండా రిటైనింగ్ వాల్ కట్టాలి.

ఈ పనికి ప్లాన్ తయారు చేసింది హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీ. అగ్రిమెంటు అయిన కొద్ది రోజులకి వాళ్ల దగ్గర్నుంచి పీపీటీ వచ్చింది, ముప్ఫై నాలుగు స్లయిడ్లు. రంగులు, బాణాలు, మూలన లోగోలు, అన్నీ ఉన్నాయి. మా ఓనరు గారు ఫోన్లోనే అటూ ఇటూ తిప్పి చూసి నాకు పంపారు. "ఎవరు ఏ రోజుకి ఏం ఇవ్వాలో ఒక్క కాగితం మీద తెలుగులో రాసి పెట్టమ్మా. మేస్త్రీకి అర్థం కావాలి, షట్టర్లు చేసే ఆయనకి అర్థం కావాలి, నీటి సంఘం ప్రెసిడెంటు గారికీ ఒకటి ఇవ్వాలి" అన్నారు.

తేదీలు ఏరి వరసగా రాస్తే చాలనిపిస్తుంది కదా. కానీ స్లయిడ్లు మీటింగులో ఎవరో పక్కన నిలబడి చెప్పడానికి చేసినవి. చెప్పే మనిషి లేకపోతే సగం సంగతి గాలిలో ఉండిపోతుంది. ఆ సగాన్ని మళ్లీ పట్టుకోవడమే అసలు పని.

ముందుగా ఫైలు కాపీ ఒకటి చేసుకుని, అందులో కంటికి కనపడనివి ఏమున్నాయో చూస్తాను. ఎడమ వైపు బొమ్మల వరసలో నంబరు మీద అడ్డగీత ఉన్న స్లయిడ్లు దాచిపెట్టినవి. ప్రదర్శన నడిపితే అవి కనిపించవు, ఫైలులో మాత్రం ఉంటాయి. ఈ డెక్‌లో, అంటే ఈ స్లయిడ్ల కట్టలో, అలాంటిది ఒకటి ఉంది, పాత షెడ్యూలు. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు కానీ చదవాలి, ఎందుకంటే కొత్త షెడ్యూలులో ఏవి మారాయో అక్కడే తెలుస్తుంది. తర్వాత ప్రతి స్లయిడ్ కింద `Notes` తెరిచి చూడాలి. మూడో స్లయిడ్ మీద పెద్ద అక్షరాలతో "Canal Closure: 16 April" అని ఉంది. దాని కింద నోట్స్‌లో చిన్నగా ఒక వాక్యం: ఈ తేదీ పోయిన ఏడాది మూసివేతని బట్టి వేసుకున్న అంచనా, అధికారిక తేదీ రావాల్సి ఉంది, అని. ప్లాన్ మొత్తం ఆ తేదీ మీద నిలబడి ఉంది, ఆ తేదీ మాత్రం ఊహ. స్లయిడ్ చూసిన ఎవరికైనా అది ఖరారైన తేదీలాగే కనిపిస్తుంది.

`Outline View` లో పెట్టి టెక్స్ట్ మొత్తం ఒకేసారి కాపీ చేసుకుందామనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అందులో శీర్షికలు, లేఅవుట్‌తో పాటు వచ్చే పెట్టెల్లో రాసినవి మాత్రమే వస్తాయి. విడిగా గీసుకున్న టెక్స్ట్ బాక్సుల్లోవి, టేబుళ్లలోవి, బొమ్మలుగా అతికించినవి రావు. తేదీలు సాధారణంగా ఉండేది ఆ మూడు చోట్లే. అందుకని నేను ఒక్కో స్లయిడ్ కళ్లతోనే చదువుతూ ఒక ఎక్సెల్ షీటులో ఎక్కించుకుంటాను. నాలుగే కాలమ్‌లు: స్లయిడ్ నంబరు, అక్కడ ఉన్నది ఉన్నట్టుగా, నేను దాన్ని ఏ తేదీగా చదివాను, ఎవరు ఎవరికి ఏమివ్వాలి. రెండో కాలమ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చను. "T+45" అని ఉంటే "T+45" అనే రాస్తాను. ఏప్రిల్ ఫలానా తేదీ అని అక్కడే రాసేస్తే, తర్వాత ఎవరైనా అడిగినప్పుడు ఆ తేదీ డెక్ చెప్పిందా నేను లెక్కేశానా అన్నది నాకే తెలియదు.

అలా ఎక్కిస్తుంటే ఈ డెక్‌లో తేదీలు నాలుగు భాషల్లో మాట్లాడుతున్నాయని తేలింది. కొన్ని మామూలు క్యాలెండరు తేదీలు. కొన్ని "T+30", "T+45" లాంటివి. పనుల్ని వారాల గడుల మీద గీతలుగా చూపే గాంట్ చార్టులో W1, W2 అని వారాలు. కొన్ని చోట్ల "క్లోజర్ మొదలైన 5 రోజులకి" అన్న మాట. ఇవన్నీ ఒకే క్యాలెండరులోకి వచ్చేదాకా వరసగా రాయడం కుదరదు.

T సంగతి చూద్దాం, ఎందుకంటే డబ్బులు కూడా దానికే ముడిపడి ఉన్నాయి. పదిహేడో స్లయిడ్‌లో చెల్లింపుల టేబుల్ ఉంది. అందులో "T+45: Shop inspection of gates" అని రాసి ఉంది. షట్టర్లు ఇనుప పని చేసే షెడ్డులో ఉండగానే కన్సల్టెన్సీ ఇంజనీరు వచ్చి కొలతలు, వెల్డింగు చూసి సంతకం పెట్టాలి, అప్పుడే ఆ వాయిదా డబ్బు కదులుతుంది. ఇంతకీ T ఏ రోజు? మాకు పని ఇస్తున్నామన్న ఉత్తరం ఫిబ్రవరి 24న వచ్చింది. అగ్రిమెంటు మీద సంతకాలు మార్చి 5న అయ్యాయి. సైటు మా చేతికి వచ్చేది కాలువ కట్టాక, అంచనా ప్రకారం ఏప్రిల్ 16న. ఉత్తరం నుంచి లెక్కేస్తే T+45 ఏప్రిల్ 10. అగ్రిమెంటు నుంచి అయితే ఏప్రిల్ 19. సైటు ఇచ్చిన రోజు నుంచి అయితే మే 31.

మే 31ని పక్కన పెట్టడం తేలికే. జూన్ 1న నీళ్లు వదులుతారని అదే డెక్ చెబుతోంది. ముందు రోజు షెడ్డులో షట్టర్లు తనిఖీ చేసి మర్నాటికి బిగించడం ఎవరి తరమూ కాదు. మిగిలిన రెండింటిలో ఏది అన్నది ఆలోచించి తేల్చేది కాదు, రాతలో వెతకాల్సిందే. ఆరో స్లయిడ్ అడుగున, లోగో పక్కన, కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో "T = Effective Date" అని దొరికింది. ఎఫెక్టివ్ డేట్ అంటే ఏమిటో డెక్‌లో ఎక్కడా లేదు. అగ్రిమెంటు తీసి చూస్తే, సంతకాలైన తేదీ అని ఉంది. అంటే ఏప్రిల్ 19.

అంతటితో అయిపోయేది, గాంట్ చార్టు అడ్డుపడకపోతే. పదకొండో స్లయిడ్‌లో ఆ చార్టుని బొమ్మగా అతికించారు. అందులో అదే షాప్ ఇన్‌స్పెక్షన్‌కి డైమండు గుర్తు W7 గడిలో ఉంది. W1 ఎప్పుడు మొదలైందో బొమ్మలో లేదు. ఇలాంటప్పుడు ఒక పని చేసి చూడాలి. బొమ్మ మీద క్లిక్ చేసి `Picture Format` లో `Crop` నొక్కాలి. పవర్‌పాయింట్‌లో బొమ్మని కత్తిరించినా, కత్తిరించిన భాగాన్ని ప్రత్యేకంగా తీసేయమని చెప్పకపోతే అది ఫైలులోనే ఉంటుంది. నొక్కగానే బొమ్మ పైన బూడిద రంగులో ఇంకో అంగుళం బయటపడింది. స్లయిడ్‌లో పట్టక పై వరసని కోసేశారన్నమాట. ఆ వరసలో ఉంది, W1 కింద 24-Feb అని.

అప్పుడు తెలిసింది కథ. చార్టు గీసిన మనిషి ఉత్తరం వచ్చిన రోజు నుంచి వారాలు లెక్కపెట్టారు. W7 అంటే ఏప్రిల్ 7 నుంచి 13. ఏప్రిల్ 10 సరిగ్గా అందులో పడుతుంది. చెల్లింపుల టేబుల్ రాసిన మనిషి మాత్రం అగ్రిమెంటు నుంచి లెక్కేశారు. ఏప్రిల్ 19 పడేది W8లో. ఒకే డెక్, రెండు గడియారాలు, తేడా తొమ్మిది రోజులు.

ఈ తొమ్మిది రోజులు అన్ని చోట్లా ఒకేలా పనిచేయవు, అది గమనించాలి. షట్టర్ల తయారీ షెడ్డులో జరిగే పని కాబట్టి తనిఖీ ఏప్రిల్ 10 నుంచి 19కి జరగొచ్చు. కాలువలో పనులు అలా జరగవు. వాటికి ఒక పక్క మూసివేత, ఇంకో పక్క జూన్ 1 గోడల్లా ఉన్నాయి. చార్టు మొత్తాన్ని తొమ్మిది రోజులు కిందకి జరిపితే ఆప్రాన్ కాంక్రీటు మే నెలాఖరుకి పోతుంది. కాబట్టి అసలు నష్టం మధ్యలో ఉంది: తనిఖీకీ, షట్టర్లు సైటుకి చేరడానికీ మధ్య ఖాళీ తగ్గిపోయింది. ఎంత తగ్గిందో చెప్పాలంటే సైటుకి చేరే తేదీ తెలియాలి.

ఆ తేదీ నాలుగో స్లయిడ్‌లోని టేబుల్‌లో "05/06" అని ఉంది. మనం చదివే పద్ధతిలో అది జూన్ 5. అదే టేబుల్‌లో పై వరసలో "04/21" అని ఇంకో తేదీ ఉంది. ఇరవై ఒకటో నెల లేదు కాబట్టి ఈ టేబుల్‌లో నెల ముందు, రోజు తర్వాత. మిగతా స్లయిడ్లన్నీ మన పద్ధతిలోనే ఉన్నాయి. ఎవరి కంప్యూటర్ నుంచో తెచ్చి అతికించినట్టున్నారు. ఏ టేబుల్‌లో తేదీలు చూసినా ముందు పన్నెండు దాటిన అంకె కోసం వెతకడం నాకు అలవాటు. అది ఏ వైపు ఉందో చూస్తే టేబుల్ మొత్తం పద్ధతి తెలుస్తుంది. అలాంటి అంకె ఒక్కటీ లేకపోతే అడగడం తప్ప దారి లేదు. ఇక్కడ మరో సాక్ష్యం కూడా ఉంది. జూన్ 5 నాటికి కాలువలో నీళ్లు పారుతుంటాయి. షట్టర్లు చేరాల్సింది మే 6.

అంటే తనిఖీ ఏప్రిల్ 10 అయితే మే 6కి ఇరవై ఆరు రోజులు, ఏప్రిల్ 19 అయితే పదిహేడు. ఆ మధ్యలో షట్టర్లకి తుప్పు గీకి, రంగు కోట్లు వేసి, రబ్బరు సీళ్లు బిగించి లారీ ఎక్కించాలి. షట్టర్లు చేసే ఆయనకి ఫోన్ చేసి అడిగాను. "ఆయ్, రెండు వారాలు ఇవ్వండి మేడమ్, చేసిచ్చేస్తాం. కానీ చూడ్డానికొచ్చే సారు పందొమ్మిదినే రావాలండి, ఇరవై రెండు దాటితే మాత్రం మావల్ల కాదు" అన్నారు. ఆ ఒక్క మాటతో నా పేజీలో ఒక వరస రూపం మారింది. డెక్‌లో అది మా బాధ్యతగా ఉంది, "Shop inspection of gates" అని. నిజానికి తనిఖీకి రావాల్సింది కన్సల్టెన్సీ ఇంజనీరు. మేము ఇవ్వాల్సింది కొలతలు వేసిన నాలుగు షట్టర్లు, వెల్డింగు రిపోర్టు. ఆయన ఇవ్వాల్సింది సంతకం పెట్టిన తనిఖీ పత్రం. ఒకే తేదీకి చేతులు మారే వస్తువులు రెండున్నాయి కాబట్టి ఆ వరసలో రెండు వాక్యాలు రాశాను.

డెలివరబుల్ అన్న మాటని నేను ఇలాగే చూస్తాను. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి వెళ్లేది ఏదైనా ఉందా? ఉంటే అది పేజీలో వస్తుంది. "Dewatering", "Coordination with department", "Design finalisation" లాంటివి డెక్‌లో మైల్‌స్టోన్లుగా మెరుస్తుంటాయి. నీళ్లు తోడడం పనే, కానీ చివర ఎవరికీ ఏమీ అందదు, కాబట్టి అది మేస్త్రీ రోజువారీ లెక్కలోకి పోతుంది. "Design finalisation" కింద మాత్రం ఒక వస్తువు దాక్కుని ఉంది: ఆమోదముద్ర పడిన డ్రాయింగులు మాకు ఎప్పుడు అందుతాయి అన్నది. అవి లేకుండా కడ్డీ వంచడం మొదలుకాదు. అందుకని ఆ పేరు తీసేసి, "ఆప్రాన్, గోడ డ్రాయింగులు ఆమోదించి కన్సల్టెన్సీ మా ఆఫీసుకి పంపాలి" అని రాశాను. డెక్‌లో దానికి ముగింపు తేదీ లేదు, చార్టులో గీత మాత్రం W5 చివర ఆగింది. W5 అంటే మార్చి 24 నుంచి 30. కాబట్టి "మార్చి 30, చార్టు గీతని బట్టి" అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.

ఇక నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది కాంక్రీటు. చార్టు ప్రకారం ఆప్రాన్‌కి ఆఖరి కాంక్రీటు W12లో, అంటే మే 12 నుంచి 18 మధ్య పడుతుంది. ఇరవై ఎనిమిదో స్లయిడ్‌లో డెలివరబుల్స్ జాబితాలో "Final QA report incl. 28-day cube results: 31 May" అని ఉంది. రెండూ విడివిడిగా చూస్తే ఏ తప్పూ కనపడదు. పక్కపక్కన పెడితేనే పొసగదు. కాంక్రీటు పోసేటప్పుడు దానిలోంచే తీసి, పదిహేను సెంటీమీటర్ల అచ్చుల్లో పోసి, నీళ్లలో ఉంచిన క్యూబుల్ని ఏడు రోజులకి కొన్ని, ఇరవై ఎనిమిది రోజులకి కొన్ని మెషిన్‌లో పగలగొట్టి బలం చూస్తారు. మే 18న పోసిన కాంక్రీటుకి ఇరవై ఎనిమిది రోజులు నిండేది జూన్ 15కి. మే 31 నాటికి ఆ ఫలితం రిపోర్టులో ఉండాలంటే ఆఖరి కాంక్రీటు మే 3కే అయిపోవాలి. అంత తొందరగా అయ్యే పని కాదని అదే చార్టు చెబుతోంది.

ఇలాంటిది కనిపించినప్పుడు తేదీని మనమే సరిచేసి రాసేయాలనిపిస్తుంది. అలా చేయను. నా పేజీ డెక్ చెప్పినదానికి అద్దంలా ఉండాలి. అందుకని వరసలో మే 31 అనే ఉంచి, కింద వేరే అక్షరాల్లో "మే 18న పోసే కాంక్రీటుకి 28 రోజుల ఫలితం జూన్ 15కి ముందు రాదు. మే 31కి ఇవ్వగలిగేది 7 రోజుల ఫలితాలే" అని రాశాను. డెక్ మాట, నా లెక్క కలిసిపోకూడదు. కలిసిపోతే జూన్ 1న రిపోర్టు ఎందుకివ్వలేదని మమ్మల్ని అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

ఈ వరస చూసి మా సైటు ఇంజనీరు ఇంకోటి చెప్పాడు. క్యూబుల సంగతి కాగితం సమస్య, అసలు భయం క్యూరింగ్ దగ్గర ఉందన్నాడు. మేం వాడేది బూడిద కలిసిన పీపీసీ సిమెంటు. ఎండలు మండే రోజుల్లో అలాంటి సిమెంటుతో వేసిన కాంక్రీటుని పద్నాలుగు రోజులు తడిగా ఉంచమని కాంక్రీటు పనులకి ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. మే 18కి పద్నాలుగు కలిపితే జూన్ 1, సరిగ్గా నీళ్లు వదిలే రోజు. "నీళ్లలో మునిగితే కాంక్రీటుకి మంచిదే కదా" అన్నాను. "మునిగితే మంచిదే అక్కా. కానీ ఇది షట్టరు కింద నుంచి నీళ్లు దూసుకొచ్చి పడే చోటు. లేత కాంక్రీటు మీద అంత ఉరవడి పడితే పైపొర లేచిపోతుంది" అన్నాడు. అంటే ఆ వరసలో ఒక్క రోజు కూడా మిగులు లేదు. నా పేజీలో అలాంటి వరసలకి ఎర్ర గీత పెడతాను, ఎక్కడెక్కడ జారితే కోలుకోలేమో ఓనరు గారికి ఒక్క చూపులో తెలియాలి కాబట్టి.

మూసివేత అంచనా సంగతి మళ్లీ ఇక్కడికి వస్తుంది. విజ్జేశ్వరం దగ్గర హెడ్ రెగ్యులేటరు దించినా మా లాకుల దగ్గర కాలువ అడుగు కనపడటానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. పైగా శివారులో దాళ్వా చేలు ఇంకా పండకపోయినా, ఊళ్ల మంచినీటి చెరువులు నిండకపోయినా మూసివేతని వెనక్కి జరపమని ఒత్తిడి వస్తుంది, చాలాసార్లు జరుపుతారు కూడా. అందుకని కాలువలో జరిగే పనులన్నిటికీ రెండు రకాలుగా రాశాను: ముందు "కాలువ కట్టాక ఇన్ని రోజులకి" అని, దాని పక్కన "ఏప్రిల్ 16కి కడితే ఫలానా తేదీ" అని. నీళ్లు వదిలే వైపు నుంచి లెక్కేయాల్సినవి మాత్రం జూన్ 1 నుంచి వెనక్కి రాశాను. ముందు వైపు గోడ కదలొచ్చు కానీ వెనక వైపు గోడ అంత తేలిగ్గా కదలదు. సార్వా నారుమళ్లకి నీళ్లు కావాలని అప్పటికే అందరూ గట్ల మీద నిలబడి ఉంటారు.

చివరికి పేజీ తయారైంది. నాలుగు వరసలు ఇక్కడ పెడుతున్నాను, ఎలా ఉందో తెలియడానికి:

మార్చి 30 (చార్టు గీతని బట్టి, ఖరారు కావాలి): ఆప్రాన్, గోడ డ్రాయింగులు ఆమోదించి కన్సల్టెన్సీ మన ఆఫీసుకి పంపాలి. స్లయిడ్ 11.

ఏప్రిల్ 19 (T+45, T = మార్చి 5): నాలుగు షట్టర్లు, వెల్డింగు రిపోర్టు షెడ్డులో సిద్ధంగా ఉంచాలి. కన్సల్టెన్సీ ఇంజనీరు చూసి అదే రోజు తనిఖీ పత్రం మీద సంతకం పెట్టాలి. స్లయిడ్ 17. చార్టులో ఇది ఏప్రిల్ 7-13 వారంలో ఉంది.

మే 6 (టేబుల్‌లో 05/06): రంగు వేసిన షట్టర్లు లాకుల దగ్గర దించాలి. ఇచ్చేది షెడ్డు, తీసుకునేది మన మేస్త్రీ. స్లయిడ్ 4.

మే 18, ఎర్ర గీత: ఆప్రాన్‌కి ఆఖరి కాంక్రీటు. ఇది దాటితే జూన్ 1కి 14 రోజుల తడి పూర్తికాదు. స్లయిడ్ 11.

ప్రతి వరస ఒక మనిషి చేసే పనితో ముగిసేలా చూశాను. "తనిఖీ జరుగును", "అందజేయబడును" అని రాస్తే ఎవరు అన్నది మళ్లీ మాయమవుతుంది. మేస్త్రీకి ఇచ్చే కాపీలో స్లయిడ్ నంబర్లు తీసేశాను, ఆయనకి అవి అడ్డం. నీటి సంఘం ప్రెసిడెంటు గారికి ఇచ్చినదాంట్లో ఉన్నవి మూడే: అడ్డుకట్ట ఎప్పుడు వేస్తాం, ఎప్పుడు తీస్తాం, పక్క బోదెకి నీళ్లు ఏ రోజుల్లో రావు. మిగతా సంగతులు ఆయనకి అక్కర్లేదు, ఆ మూడింటిలో ఒక్కటి మారినా ఆయన ఫోనుకి ముందు రోజే రావాలి.

పేజీ చివర ఇంకో చిన్న జాబితా ఉంది, తేదీ లేనివి. నా లెక్కలో దానికి విలువ ఎక్కువ. డెక్‌లో ఎక్కడా కనపడని పెద్ద సంగతి ఇనీషియల్ లెవెల్స్. మట్టి తీయకముందు కాలువ అడుగు ఎక్కడుందో డిపార్ట్‌మెంటు ఏఈ గారి సమక్షంలో కొలిచి రాయించుకోకపోతే, తర్వాత ఎంత తవ్వామన్నదానికి ఆధారం ఉండదు, బిల్లు ఎంబుక్‌లో, అంటే డిపార్ట్‌మెంటు కొలతల పుస్తకంలో, ఎక్కదు. కాలువ ఎండాక, జేసీబీ దిగకముందు దొరికే సమయం ఒకటో రెండో రోజులు. దానికి చార్టులో గీత లేదు, టేబుల్‌లో వరస లేదు. డెక్‌లో లేనిదాన్ని వరసల్లో కలపలేదు. విడిగా "డెక్‌లో లేదు, కానీ కావాలి" అని రాశాను.

ఆ పేజీతో పాటు కన్సల్టెన్సీకి నాలుగు ప్రశ్నలు పంపాను. షాప్ ఇన్‌స్పెక్షన్ ఏప్రిల్ 10 అవుతుందా, 19 అవుతుందా? డ్రాయింగులు ఏ తేదీకి పంపుతారు? 28 రోజుల క్యూబు ఫలితాలు లేకుండా మే 31 రిపోర్టు తీసుకుంటారా? లెవెల్స్‌కి ఎవరొస్తారు, ఎప్పుడొస్తారు? రెండు స్లయిడ్లు పొసగని ప్రశ్నల్లో ఆ రెండింటి నంబర్లూ పెట్టాను. "మీ డెక్‌లో తేదీలు తేడాగా ఉన్నాయి" అని మాత్రమే రాస్తే "చూసి చెబుతాం" అని జవాబొస్తుంది. పదకొండో స్లయిడ్, పదిహేడో స్లయిడ్ అంటే రెండూ తెరిచి చూడక తప్పదు.

జవాబులు వచ్చాయి. చార్టు అగ్రిమెంటుకి ముందు గీసిందనీ, చెల్లింపుల టేబులే ప్రమాణమనీ ఒప్పుకున్నారు, ఏప్రిల్ 19 ఖరారైంది. డ్రాయింగులకి ఒక తేదీ ఇచ్చారు. రిపోర్టుని రెండు చేశారు: మే 31కి పని పూర్తయిన రిపోర్టు, 7 రోజుల ఫలితాలతో, జూన్ 15 దాటాక 28 రోజుల ఫలితాలతో ఆఖరిది. మేమూ ఒక మార్పు ఒప్పుకోవాల్సి వచ్చింది, ఆఖరి వాయిదా డబ్బు రెండో రిపోర్టుకి ముడిపడింది. ఓనరు గారు కాస్త గొణిగారు. మే 31న ఇవ్వలేని కాగితం కోసం మొత్తం బిల్లు ఆగిపోవడం కంటే ఇది నయమని ఆయనకీ తెలుసు.

ఆ తర్వాత మూసివేత అధికారికంగా నాలుగు రోజులు వెనక్కి జరిగింది, ఏప్రిల్ 20. అంచనా తప్పినా పేజీలో కష్టం లేకపోయింది, "కాలువ కట్టాక" అన్న వరసలన్నిటికీ కొత్త తేదీ వేశాను, అంతే. ఎర్ర గీత వరస దగ్గరే ఆగాల్సి వచ్చింది. అటువైపు నుంచి నాలుగు రోజులు పోతే మే 18 ఎలా నిలుస్తుంది? సైటు ఇంజనీరు పేజీ ముందు పెట్టుకుని క్రమం తిరగేశాడు. గోడ ముందు, ఆప్రాన్ తర్వాత అని డెక్‌లో ఉంది. గోడలో పై భాగానికి నీళ్లు వదిలాక కూడా పైనుంచి తడి పెట్టుకోవచ్చు, ఆప్రాన్‌కి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఆప్రాన్ ముందు వేసి గోడ పై భాగాన్ని ఆఖరికి పెట్టుకుందామన్నాడు. కన్సల్టెన్సీ సరేనంది.

కొత్త డెక్ వచ్చింది, మూడో రివిజన్. ఇలా వచ్చినప్పుడు పేజీని మొదటి నుంచి రాయను. షీటులో రెండో కాలమ్ పక్కనే కొత్త కాలమ్ పెట్టి, ఒక్కో వరస ఎదురుగా కొత్త డెక్ మాటని ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తాను. రెండు కాలమ్‌లు తేడాగా ఉన్న వరసలే మారినవి, పాత తేదీ మీద గీత కొట్టి పక్కన కొత్తది రాసి పంపుతాను, పాతది చెరిపేయను. కొత్త డెక్‌లో ఎదురు ఏమీ దొరకని పాత వరసలు కూడా ఉంటాయి, వాటిని ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. ఈసారి డ్రాయింగుల వరస అలా మాయమైంది. తీసేశారా, రాయడం మర్చిపోయారా అని ఫోన్ చేస్తే, మర్చిపోయామన్నారు. పేజీ మీద తేదీ, రివిజన్ నంబరు వేసి మేస్త్రీ దగ్గరున్న పాత కాపీ వెనక్కి తీసుకుని కొత్తది చేతికిచ్చాను.